ఏ హెమింగ్వే? ఏ రావు?

గోదావరి డెల్టా చరిత్ర రాసినవాళ్ళ ఫుట్‌నోట్లలో హెమింగ్వే అనే పేరు తరచుగా తగులుతుంది. నవలలు రాసిన అమెరికా ఆయన కాదు. ఈయన ఎఫ్. ఆర్. హెమింగ్వే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. గోదావరి జిల్లా గెజిటీర్‌ను 1907లో తయారుచేశాడు. ధవళేశ్వరం ఆనకట్ట గురించీ కాలవల గురించీ శిస్తుల గురించీ రాసే ఎవరైనా ఆ పుస్తకం తెరవకుండా ఉండలేరు. అందుకే పాత సిద్ధాంత వ్యాసాల్లో, సెమినార్ పత్రాల్లో, జిల్లా చరిత్రల్లో పేజీల అడుగున “హెమింగ్వే, ఆప్. సిట్., పు. 82” అని కనిపిస్తూ ఉంటుంది. ఆప్. సిట్. అంటే ముందు చెప్పిన పుస్తకమే అని. తెలుగులో రాసేవాళ్ళు దాన్నే “పూర్వోక్తం” అంటారు. ఐబిడ్ అని ఉన్నచోట “అదే” అనో “పైదే” అనో వేస్తారు.

చిక్కేమిటంటే, ఈ హెమింగ్వే తంజావూరు జిల్లా గెజిటీర్ కూడా తయారుచేశాడు, 1906లో. తిరుచిరాపల్లి జిల్లాదీ ఆయనదే, 1907లో. గోదావరి ఆనకట్ట గురించి రాసేవాడు కావేరి వైపు ఒకసారి చూడకుండా ఉండడు. ఎందుకంటే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం రావడానికి ముందు, 1836లో, కొళ్ళిడం నది మీద ఆనకట్టలు కట్టి చేయి తిరిగినవాడు. కాబట్టి అదే అధ్యాయంలో హెమింగ్వే తంజావూరు పుస్తకం కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు 82వ పేజీ ఏ హెమింగ్వేది? రాసినాయనకి తెలుసు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ రాతప్రతిని పుస్తకంగా వేసేవాళ్ళకి తెలియదు.

అసలు ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో, ఎక్కడ విరిగిందో, దాని స్థానంలోకి పొట్టి నోటు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. పాత రాతప్రతిని బాగుచేసేవాళ్ళకి ఆ కథ తెలిస్తే పని సగం తేలికవుతుంది.

ఐబిడ్, ఆప్. సిట్., లాక్. సిట్. అన్నీ లాటిన్ మాటలకి పొట్టి రూపాలు. ఐరోపా పండితులు లాటిన్‌లో చదువుకుని లాటిన్‌లో రాసుకున్న రోజుల అలవాటు అది. అచ్చులోకి వచ్చాక దానికి గట్టి కారణం కూడా దొరికింది. సీసపు అక్షరాలని ఒక్కొక్కటిగా చేత్తో పేర్చే రోజుల్లో అడుగు నోటులో పుస్తకం పేరు, ఊరు, ఏడాది మళ్ళీ మళ్ళీ పేర్చడం అంటే కూలీ, కాలం, కాగితం. నాలుగైదు అక్షరాల మాటతో పని గడిచిపోతుంటే ఎవరు వద్దంటారు? పైగా ఒకసారి పేర్చి ఫారం బిగించాక నోట్ల వరస కదలదు. ఐదో నోటు ముందు నాలుగో నోటే ఉంటుంది. “పైదే” అన్న మాటకి బలమంతా ఆ కదలకపోవడంలోనే ఉంది.

నోట్లు ఎక్కడ ఉండాలన్న తగువు మాత్రం పాతదే. గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం 1776లో వచ్చినప్పుడు నోట్లన్నీ పుస్తకం చివర ఉన్నాయి. డేవిడ్ హ్యూమ్ అది చదివి, ప్రతిసారీ చివరికి తిప్పుకోవడం చికాకుగా ఉందని ప్రింటర్ విలియం స్ట్రాహన్‌కి ఉత్తరం రాశాడు. తర్వాతి ముద్రణల్లో అవి పేజీ అడుగుకి దిగాయి. పాఠకుడి కళ్ళ ముందు వరసగా ఉన్నంతకాలం “పైదే” చదువుకోవడం కష్టం కాదు, కన్ను ఒక గీత పైకి వెళితే చాలు. మరి అవే నోట్లు చివరికి పోతేనో, ఒక్కొక్కటే తెర మీద తేలితేనో?

మన దగ్గరికి ఈ పద్ధతి ఇంగ్లీషు చదువుతో వచ్చింది. రాజమహేంద్రవరంలో దానికి ఒక చిరునామా కూడా ఉంది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంలో, 1922లో, ఇక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. 1926 నుంచి ఇంగ్లీషులో త్రైమాసిక పత్రిక నడిపింది. భావరాజు వేంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు లాంటివాళ్ళు ఐరోపా పత్రికలకి ఏమాత్రం తీసిపోని అడుగు నోట్లతో వ్యాసాలు రాశారు. తర్వాతి తరం పరిశోధకులు ఈ వ్యాసాలు చూసే నోట్లు రాయడం నేర్చుకున్నారు. వాటితో పాటు ఐబిడ్, ఆప్. సిట్. అలవాటూ వచ్చింది.

అయితే ఆ చరిత్రకారులే పక్కన ఇంకో పద్ధతి కూడా వాడారు, దాన్ని మనం అంతగా గమనించలేదు. శాసనాల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు ఐబిడ్ మీద పెద్దగా ఆధారపడరు. ద్రాక్షారామం భీమేశ్వరాలయ శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ నాలుగో సంపుటంలో, 1923లో అచ్చయ్యాయి. వాటిని ఉదహరించేటప్పుడు “ఎస్.ఐ.ఐ., 4, నం. ఫలానా” అంటారు, అంతే. ఎపిగ్రాఫియా ఇండికాకి ఇ.ఐ., ఇండియన్ యాంటిక్వరీకి ఐ.ఏ. సంపుటం, సంఖ్య ఉంటే ఆ నోటుని ఏ పేజీకి మార్చినా, ఏ పుస్తకంలోకి ఎత్తినా, దాని శాసనాన్ని అది చూపిస్తూనే ఉంటుంది. అది ముందున్న నోటు మీద ఆధారపడదు.

ఇంకాస్త వెనక్కి పోతే మల్లినాథసూరి ఉన్నాడు. మెదకు సీమ కొలిచెలమ వంశీకుడు. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాస్తూ నిఘంటువు ఆధారం చూపించాల్సిన ప్రతిచోటా “ఇత్యమరః” అంటాడు, “ఇతి విశ్వః” అంటాడు, “ఇతి యాదవః” అంటాడు. వరసగా పది చోట్ల అమరకోశమే ఆధారమైనా పదిసార్లూ అమరుడి పేరే చెబుతాడు తప్ప “పైవాడే” అనడు. ఎందుకంటే ఆ వ్యాఖ్యానాన్ని ఎవరూ మొదటి నుంచి చివరికి ఒక్క బిగిని చదవరు. గురువు ఒక శ్లోకం తీసి చెబుతాడు, శిష్యుడు ఆ ఒక్క శ్లోకం వ్యాఖ్యే చూస్తాడు. ప్రతి ఉదాహరణా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. పొట్టి నోటు సూత్రం సరిగ్గా ఇదే.

ఆప్. సిట్. పడిపోవడానికి అసలు కారణం సీసం పోయి కంప్యూటర్ రావడం. వర్డ్‌లో ఒక నోటు మధ్యలో చేరిస్తే కింది నోట్ల అంకెలన్నీ వాటంతట అవే మారతాయి. రచయిత సంతోషిస్తాడు. కానీ “ఐబిడ్” అన్న మాట మారదు, అది టైపు చేసిన అక్షరాలు మాత్రమే. రెండో నోటు “ఐబిడ్” అని జార్జ్ టి. వాల్ష్ రాసిన గోదావరి డెల్టా పుస్తకాన్ని చూపిస్తున్నదనుకోండి. దాని ముందు లేడీ హోప్ రాసిన కాటన్ జీవితచరిత్ర నోటు ఒకటి కొత్తగా చేర్చారు. ఇక ఆ ఐబిడ్ నోరు విప్పకుండా లేడీ హోప్‌ని చూపించడం మొదలుపెడుతుంది. ఎర్ర గీత పడదు, హెచ్చరిక రాదు. రామాలయం పక్కిల్లు అని చిరునామా చెప్పాక మధ్యలో ఇంకో ఇల్లు కట్టినట్టు, చిరునామా అదే, ఇంట్లో మనుషులు మాత్రం వేరు.

షికాగో విశ్వవిద్యాలయం ప్రెస్ వాళ్ళ శైలి గ్రంథం తొలి కూర్పు 1906లో వచ్చింది. చాలామంది ప్రచురణకర్తలు దాన్ని దగ్గర పెట్టుకుంటారు. అది ఆప్. సిట్.ని, లాక్. సిట్.ని చాలాకాలం కిందటే కాదంది. ఐబిడ్‌ని మాత్రం ఉంచింది. 2017లో వచ్చిన 17వ కూర్పులో ఐబిడ్ కూడా వద్దులే, పొట్టి నోటే మేలు అంది. చెప్పిన కారణం చదివితే మల్లినాథుడు గుర్తొస్తాడు. ఈ-పుస్తకాల్లో అంకె మీద వేలు పెడితే ఆ ఒక్క నోటే తెర మీదికి వస్తుంది, అక్కడ “ఐబిడ్” అని ఉంటే చదివేవాడికి ఏమీ అందదు. పైగా రచయిత పేరొక్కటి వేసినా దాదాపు అంతే చోటు పడుతుంది. అమెరికా ఎం.ఎల్.ఏ. సంఘం ఇంకాస్త ముందే, 1984లో, నోట్లనే చాలావరకు పక్కనపెట్టి వాక్యంలోనే పేరు, పేజీ వేసే పద్ధతికి మారింది. మనకి ఇక్కడ కావలసింది అంత దూరం కాదు. నోట్లు నోట్లుగానే ఉంటాయి, పుస్తకాల పూర్తి వివరాలు మాత్రం వెనక ఒక పట్టికలోకి పోతాయి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. డెల్టా కాలవల మీద ఒక అధ్యాయం ఊహించుకోండి. ఆధారాలు నిజమైన పుస్తకాలే, పేజీల అంకెలు మాత్రం నమూనాకి వేసినవి.

1. జార్జ్ టి. వాల్ష్, ది ఇంజనీరింగ్ వర్క్స్ ఆఫ్ ది గోదావరి డెల్టా (మద్రాసు, 1896), పు. 20.
2. ఐబిడ్., పు. 23.
3. ఎఫ్. ఆర్. హెమింగ్వే, మద్రాస్ డిస్ట్రిక్ట్ గెజిటీర్స్: గోదావరి (మద్రాసు, 1907), పు. 80.
4. వాల్ష్, ఆప్. సిట్., పు. 31.
5. ఎఫ్. ఆర్. హెమింగ్వే, మద్రాస్ డిస్ట్రిక్ట్ గెజిటీర్స్: తంజావూర్ (మద్రాసు, 1906), పు. 100.
6. జార్జ్ టి. వాల్ష్, ది ఇంజనీరింగ్ వర్క్స్ ఆఫ్ ది కిస్ట్‌నా డెల్టా (మద్రాసు, 1899), పు. 12.
7. హెమింగ్వే, ఆప్. సిట్., పు. 82.
8. వాల్ష్, ఆప్. సిట్., పు. 40, హెమింగ్వే, ఆప్. సిట్., పు. 85.
9. ఐబిడ్.

మొదటి నియమం ఒక్కటే: ఏదీ కదపకముందే అన్నిటినీ విప్పాలి. అధ్యాయాలు అటూ ఇటూ మార్చడం, నోట్లు చివరికి తోయడం, కొత్త నోటు చేర్చడం, పాత నోటు కొట్టేయడం, ఇవన్నీ తర్వాతి సంగతి. రచయిత చివరిసారి చూసిన వరసలో ఉన్న ప్రతిని “కదపరాదు” అని పేరుపెట్టి పక్కన దాచి, ఇంకో ప్రతి మీద పని చేయాలి. చాలామంది ముందు వెనక పట్టిక తయారుచేసుకుని, ఆ ఉత్సాహంలో పూర్తి నోట్లని తుడిచేస్తారు. అప్పుడు 2వ నోటులోని ఐబిడ్ దేన్ని చూపించిందో చెప్పే సాక్ష్యమే పోతుంది.

విప్పడం పై నుంచి కిందికి చేయాలి. 2వ నోటు తేలిక, వాల్ష్ గోదావరి పుస్తకం. 4వ నోటు కూడా అదే, అప్పటికి ఇంకో వాల్ష్ పుస్తకం రాలేదు కాబట్టి. 7వ నోటు దగ్గర ఆగాలి. అంతకు ముందు రెండు హెమింగ్వేలు వచ్చారు. దగ్గరిది తంజావూరు, కానీ రచయిత మనసులో ఉన్నది గోదావరి కావచ్చు. ఇక్కడ ఊహించకూడదు. పైనున్న వాక్యం చదవాలి. అది ధవళేశ్వరం గురించైతే గోదావరి గెజిటీర్ తీసి 82వ పేజీలో ఆ సంగతి ఉందా చూడాలి. ఉంటే సరే. లేకపోతే తంజావూరు తీయాలి. రెండిట్లోనూ లేకపోతే తిరుచిరాపల్లిది అనుమానించాలి, లేదా పేజీ అంకె టైపులో తప్పి ఉంటుంది. అప్పుడు నోటు పక్కన గుర్తు పెట్టి రచయితని అడగాలి. 8వ నోటులో రెండు చిక్కులు, వాల్ష్ ఏది, హెమింగ్వే ఏది. 9వ నోటు అన్నిటికంటే చెడ్డది. పైనోటులో రెండు ఆధారాలున్నప్పుడు ఐబిడ్ అంటే రెండూనా, చివరిదా? శైలి గ్రంథాలు అలాంటి చోట ఐబిడ్ వాడనే కూడదంటాయి. రచయితలు మాత్రం మానరు.

తప్పు విప్పిన ఐబిడ్‌ని పట్టుకునే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. నోటులోని పేజీ అంకె ఆ పుస్తకం మొత్తం పేజీలకంటే ఎక్కువుంటే పుస్తకం అది కాదు. 1890ల నాటి సంగతికి 1878లో వచ్చిన హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా వివరణ ఆధారంగా తేలితే, ఎక్కడో ఒక నోటు జారిపోయిందని అర్థం. అధ్యాయం మొదటి నోటే ఐబిడ్ అయితే, ఒకప్పుడు రెండు అధ్యాయాలు ఒకటిగా ఉండేవని అర్థం. పాత టైపు ప్రతి ఉంటే దాంతో పోల్చితే చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి.

అన్నీ దొరికాయో లేదో వెతికి చూసుకోవడానికి లిబ్రాఫీస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టి ఇలా వెతకవచ్చు. నోట్లలో కూడా వెతుకుతుంది:

```
\b(ibid|idem|op\.? ?cit|loc\.? ?cit)
```

తెలుగు నోట్లకి ఇంత సుఖం లేదు. “అదే” అని వెతికితే పుస్తకం నిండా ఉన్న మామూలు “అదే”లన్నీ వస్తాయి. అందుకని నోట్లని విడి ఫైల్లోకి తెచ్చుకుని అక్కడే వెతకాలి. “పైన 14వ నోటు చూడండి” లాంటివి కూడా ఈ జాతివే, వాటినీ పట్టుకోవాలి.

తెలుగు ప్రచురణలో ఇంకో గుంట ఉంది. చాలాకాలం మన పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్‌లో ఫుట్‌నోట్లకి సొంత ఏర్పాటు లేదు. డీటీపీ చేసే అబ్బాయి అంకెనీ నోటునీ విడివిడిగా చేత్తో పెట్టేవాడు. అలాంటి ఫైలుని యూనికోడ్‌లోకి మారిస్తే రెండు ప్రమాదాలు. నోటు, దాని అంకె వేరు వేరు చోట్ల పడతాయి. తెలుగు మధ్యలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలని కూడా మార్పిడి యంత్రం తెలుగే అనుకుని గజిబిజి చేస్తుంది. అప్పుడు “ఐబిడ్” ఉండాల్సిన చోట అర్థంలేని రెండు మూడు తెలుగు అక్షరాలుంటాయి. నోటులో పేజీ అంకె ముందు వింత అక్షరాల ముద్ద ఒకటి మళ్ళీ మళ్ళీ ఒకేలా కనిపిస్తే, అది బహుశా ఐబిడ్ శవమే. పాత అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

విప్పడం అయ్యాక పొట్టి పేరు ఎంచుకోవాలి. పొట్టి నోటులో మూడే ఉంటాయి: రచయిత పేరులో ఒక మాట, పుస్తకం పేరులో రెండు మూడు మాటలు, పేజీ. ఇందులో ఆలోచించాల్సింది పుస్తకం పేరు. వాల్ష్ రెండు పుస్తకాలకీ “ఇంజనీరింగ్ వర్క్స్” అనే మొదలు. తొందరలో అదే పొట్టి పేరుగా పెట్టుకుంటే ఆప్. సిట్. కంటే మెరుగేమీ కాదు. రెండింటినీ విడదీసే మాట తీసుకోవాలి, “గోదావరి డెల్టా” అనీ “కిస్ట్‌నా డెల్టా” అనీ. హెమింగ్వేకి కూడా “గెజిటీర్” అంటే చాలదు, జిల్లా పేరు కావాలి. ఏడాది వేసే పద్ధతి ఇక్కడ సాయం చేయదని కూడా గమనించండి. గోదావరి, తిరుచిరాపల్లి రెండూ 1907వే, మళ్ళీ ఎ, బి అని తగిలించాలి. పాఠకుడికి 1907-బి కంటే “తిరుచిరాపల్లి” అన్న మాట వెంటనే అందుతుంది. డెల్టా చరిత్రకి ఏడాది పద్ధతి కంటే పొట్టి పేరు పద్ధతే నప్పుతుందని నా అభిప్రాయం.

అలా మార్చాక, 7, 8, 9 నోట్లు పుస్తకాలు తీసి సరిచూశాక గోదావరివేననీ, 9లోని ఐబిడ్ చివరి ఆధారాన్నే చూపించిందనీ తేలిందనుకుంటే, మన తొమ్మిది నోట్లు ఇలా ఉంటాయి:

1. వాల్ష్, గోదావరి డెల్టా, పు. 20.
2. వాల్ష్, గోదావరి డెల్టా, పు. 23.
3. హెమింగ్వే, గోదావరి, పు. 80.
4. వాల్ష్, గోదావరి డెల్టా, పు. 31.
5. హెమింగ్వే, తంజావూర్, పు. 100.
6. వాల్ష్, కిస్ట్‌నా డెల్టా, పు. 12.
7. హెమింగ్వే, గోదావరి, పు. 82.
8. వాల్ష్, గోదావరి డెల్టా, పు. 40, హెమింగ్వే, గోదావరి, పు. 85.
9. హెమింగ్వే, గోదావరి, పు. 85.

మొదటి నోటు కూడా పొట్టిదే అయిందని చూశారు కదా. పూర్తి వివరం ఇక వెనక పట్టికలో ఉంటుంది, రెండుచోట్లా మోయనక్కరలేదు. ఇప్పుడు 5వ నోటు తీసి ఆఖరికి పెట్టండి, 1వ నోటు కొట్టేయండి, మిగతావి చెదరవు.

ఇక రావుల సంగతి. ఇంగ్లీషులో రాసిన పాత వ్యాసాల్లో “రావ్, ఆప్. సిట్.” అని ధైర్యంగా ఉంటుంది. ఏ రావు? చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వచ్చింది. భావరాజు వేంకట కృష్ణారావు ఆంధ్రదేశపు తొలి రాజవంశాల చరిత్ర 1942లో ఇంగ్లీషులో వచ్చింది, ఆయనదే తూర్పు చాళుక్యుల చరిత్ర 1973లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. రాళ్ళబండి సుబ్బారావు వ్యాసాలు పత్రికలో ఉన్నాయి. నలుగురు పరిశోధకుల్లో ముగ్గురు రావులైతే ఆ మాట ఎవరినీ చూపించదు. రావు అనేది ఇంటిపేరు కాదన్న సంగతి పరాయి శైలి గ్రంథానికి తెలియదు, మనకి తెలుసు. మనం వాళ్ళని ఎప్పుడూ చిలుకూరి వారు, భావరాజు వారు, రాళ్ళబండి వారు అనే అంటాం. కాబట్టి పొట్టి నోటులో కూడా ఇంటిపేరే ఉండాలి: “భావరాజు, తూర్పు చాళుక్యులు, పు. ఇన్ని”. పుస్తకం ఇంగ్లీషుదైనా తెలుగు రచనలో ఇలాగే నడవాలి, గ్రంథసూచిలో మాత్రం అసలు పేరు ఉంటుంది.

ఇక్కడ విడువరాని కట్టుబాటు ఒకటుంది. పొట్టి నోటులో మొదటి మాట ఏదో, వెనక పట్టికలో ఆ పుస్తకం పద్దు మొదటి మాట కూడా అదే కావాలి. నోటులో “వీరేశలింగం, స్వీయచరిత్రము” అని వేసి పట్టికలో “కందుకూరి” కింద పెడితే చదివేవాడు వ దగ్గర వెతికి లేదనుకుంటాడు. ఏదో ఒకటి నిర్ణయించుకుని, రెండో పేరు దగ్గర “చూ. కందుకూరి” అని ఒక గీత రాస్తే చాలు. లేడీ హోప్ కాటన్ కూతురు. 1900లో లండన్‌లో వచ్చిన ఆమె పుస్తకాన్ని చాలామంది “కాటన్ జీవితం” అని కాటన్ కింద పెడతారు. అక్కడ కాటన్ సొంత రచనలు కూడా ఉంటాయి కాబట్టి ఆమెని హోప్ దగ్గరే ఉంచాలి.

పట్టిక రాసేటప్పుడు ఒక లోటు బయటపడుతుంది. నోటులో రచయిత ఉదహరించిన ఒక్క పేజీయే ఉంటుంది, పట్టికకి పత్రిక వ్యాసం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు కావాలి. ప్రచురణకర్త పేరు చాలా నోట్లలో ఉండదు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో అసలు సంచిక తీసి చూడటమో, డిజిటల్ లైబ్రరీ స్కాన్లలో శీర్షిక పేజీ చూడటమో చేయాలి. ఏ ముద్రణ చూశారన్నది కూడా ముఖ్యం. గెజిటీర్లకి మళ్ళీ ముద్రించిన కూర్పులున్నాయి, రచయిత చేతిలో ఏది ఉందో దాని ఏడాదే పట్టికలో రావాలి.

పొట్టి నోటు చేయలేని పని కూడా ఉంది. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ లాంటి ఆర్కైవ్ కాగితాలు వాడినప్పుడు పాత నోట్లలో “ఐబిడ్., 24 మార్చి” అని ఉంటుంది. అక్కడ ఐబిడ్ అంటే ఆ వరస, ఆ సంపుటం అని, ఆ ఉత్తరం అని కాదు. గ్రంథసూచిలో ఒక్కొక్క ఉత్తరాన్నీ పద్దు వేయలేరు, సంచయం పేరు, దాచిన చోటు మాత్రమే వేస్తారు. అందుకని ఉత్తరం తేదీ, ఎవరు ఎవరికి రాశారు అన్నది నోటులోనే మిగలాలి. సంచయానికి “రె.బో.ప్రొ.” లాంటి సంకేతం పెట్టి పుస్తకం ముందు సంకేతాల పేజీలో విప్పి చెప్పాలి. శాసనాలకి ఎస్.ఐ.ఐ. లాగే. అలాగే రచయిత వాదన చేసిన పెద్ద నోట్లు ఉంటాయి, “వాల్ష్ ఇలా అన్నాడు కానీ మోరిస్ లెక్క వేరు” అన్నట్టు. వాటిలో పుస్తకం పేరు పొట్టి చేయాలి, మాటలు ముట్టుకోకూడదు.

చివరి తనిఖీ రెండు వైపుల నుంచి. ముందు నోట్లన్నీ చదువుతూ ప్రతి పొట్టి పేరుకీ పట్టికలో పద్దు ఉందా చూసి, ఆ పద్దు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టాలి. తర్వాత పట్టిక చూడాలి. టిక్కు పడని పద్దు మిగిలితే అది రచయిత చదివి ఉదహరించని పుస్తకమైనా అయ్యుండాలి, లేదా దాని నోటుని ఎక్కడో తప్పు పుస్తకానికి విప్పి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు అవుతుంది. జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్‌లో నోట్లు పెట్టినవాళ్ళకి ఈ బాధ లేదు, శైలి మారిస్తే ఐబిడ్లన్నీ వాటంతట అవే పొట్టి నోట్లవుతాయి. చేత్తో టైపు చేసిన రాతప్రతికి మాత్రం మనిషే కూర్చోవాలి.

గోదావరి జిల్లాల్లో కాలవల మీద, శాసనాల మీద, సంఘ సంస్కరణ మీద ఎందరో అధ్యాపకులు రాసి పెట్టుకున్న టైపు ప్రతులు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిని అచ్చు వేయించాలనుకునే పిల్లలకి, శిష్యులకి ఒక మాట. రాసినాయన ఉండగానే కూర్చోబెట్టి, ప్రతి ఆప్. సిట్. దగ్గరా “ఏ పుస్తకం మాస్టారూ?” అని అడిగి పెన్సిలుతో రాసుకోండి. మిగతాదంతా తర్వాత ఎవరైనా చేయగలరు.